ఎవరూ నొక్కని బటన్

నాకు కోపం ఎక్కువ. వయసు మీద పడ్డాక కొంచెం తగ్గిందని ఇంట్లోవాళ్లు అంటారు. పాలమూరు మిల్లులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా ఉన్న రోజుల్లో మాత్రం, నా ముందు నిలబడి మిషను బాగా లేదని చెప్పడానికి మనుషులు జంకేవాళ్లు. మిషను బాగా లేదంటే నేనే బాగా లేనన్నట్టు వినిపించేది నాకు. ఆ కోపం వల్ల నాకేమీ నష్టం జరగలేదు. ఇంకొకతనికి ఎడమ చేతి వేళ్లు మూడు పోయాయి. ఆ సంగతి ఇన్నేళ్లు ఎవరికీ సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మాది భువనగిరి. కరెంటు పని హైదరాబాదులో ఒక వర్క్‌షాపులో నేర్చుకున్నాను. నేర్చుకున్నదంతా రిలేల మీద. రిలే అంటే ఒక తీగచుట్ట, దాని మీద ఒక ఇనుప రేకు. చుట్టలోకి కరెంటు వస్తే రేకు టక్కున అంటుకుంటుంది, కరెంటు పోతే ఊడిపోతుంది. మధ్యలో ఇంకో స్థితి లేదు. బటన్ నొక్కకపోతే తీగలో ఏమీ లేనట్టే, తీగ తెగినా ఏమీ లేనట్టే. పదేళ్లు ఆ లెక్కతోనే బతికాను. చెవి పెట్టి వింటే చాలు, ఏ రిలే పని చేస్తోందో ఏది చచ్చిందో చెప్పేవాణ్ని. దాని గురించి నాకు గర్వం ఉండేది, అది దాచుకునే అలవాటూ ఉండేది కాదు.

అరవయ్యో దశకం చివరి సంవత్సరాల్లో పాలమూరు ఊరి బయట నూలు మిల్లులో చేరాను. ఎర్రనేల, ఎండ, ఆ మధ్యలో రేకుల షెడ్లు. వడికిన నూలును చిలపలుగా, అంటే వదులు చుట్టలుగా చుట్టి, ఆ చిలపలను ప్రెస్సులో పెట్టి ఒత్తి, గట్టి కట్టలుగా కట్టి చేనేత సంఘాలకు పంపేవాళ్లు. ఆ కట్టల గదిలో ప్రెస్సు మీద పని చేసేవాడు కోస్గి వైపు నుంచి వచ్చిన నేత మనిషి. నా ఈడువాడే. ఇంట్లో మగ్గం ఉంది, కానీ ఊళ్లో నూలు దొరకని రోజులు ఎక్కువై మిల్లుకు వచ్చాడు. నూలు కోసం వెతుక్కోవడం కంటే నూలు ఉన్నచోటుకే పోదామనుకున్నానని నవ్వుతూ చెప్పేవాడు. చిలపను చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒక్కసారి రుద్ది, ఇది ఎంత సన్నం, ఏ నంబరు నూలో చెప్పేవాడు. త్రాసు దగ్గరి గుమాస్తా అతన్ని అడిగి తన చీటీలు సరిచేసుకోవడం నేను చూశాను.

ఆ ప్రెస్సు పని ఇదీ. నడుము ఎత్తున ఒక ఇనుప పెట్టె, దాని అడుగున పైకి లేచే పీట. చిలపలను పెట్టెలో వరసగా పేర్చాలి. పైన నాలుగు ఇనుప కడ్డీలు ఒక్కొక్కటే అడ్డంగా మూసి బిగించాలి. చిలపలు ఉబ్బి ఉంటాయి కాబట్టి, ఎడమ చేత్తో వాటిని కిందికి అదిమి పట్టి, కుడి చేత్తో కడ్డీ మూయాలి. నాలుగు కడ్డీలూ మూశాక ఆకుపచ్చ బటన్ నొక్కితే మోటారు తిరిగి పీట పైకి లేస్తుంది, నూలు కడ్డీలకు ఆని గట్టిగా ఒత్తుకుంటుంది, అప్పుడు దారాలు కట్టాలి. ఎర్ర బటన్ నొక్కితే మోటారు ఆగి పీట కిందికి దిగుతుంది.

నేను చేరిన ఏడాదికి పాత ప్రెస్సు తీసేసి కొత్తది తెచ్చారు. ఇనుము అదే ఇనుము, పెట్టె అదే పెట్టె. కానీ నడిపించే డబ్బాలో నేనెరిగిన రిలేలు రెండే ఉన్నాయి. మిగతావి నల్లటి ముద్దలు, అగ్గిపెట్టెంత. ఒక్కో ముద్దకు కింద పిన్నులు. లోపల ట్రాన్సిస్టర్లు పోసి మూసేశారు, తెరవడానికి వీల్లేదు. బిగించడానికి వచ్చిన ఇంజనీరు రెండు రోజులుండి, ఒక కాగితం చేతిలో పెట్టి రైలెక్కాడు. "ఆకుపచ్చ బటన్ తీగ ఈ పిన్నుకు వస్తుంది, పిన్నుకు ఆరు వోల్టులు అందితే ముద్ద ఔనంటుంది, ఔనన్నాక ఎర్ర బటన్ నొక్కే దాకా అదే పట్టుకుని ఉంటుంది" అని మాత్రం చెప్పాడు. చప్పుడు లేని ఆ ముద్దలు నాకు మొదటి రోజే నచ్చలేదు. చెవికి పని లేకుండా చేశాయి.

నాలుగు నెలలు బాగానే నడిచింది. తర్వాత గదిలో కొత్త త్రాసు పెట్టడానికి జాగా కావాలని, డబ్బాను ప్రెస్సు పక్కనుంచి తీసి అవతలి గోడకు మార్చమన్నారు. బటన్లు ప్రెస్సు దగ్గరే ఉండాలి, డబ్బా నలభై అడుగుల దూరం పోవాలి. నేనే మార్చాను. బటన్ల తీగలకు వేరే ఇనుప గొట్టం వేయాల్సింది. మోటార్ల తీగలు పోయే గొట్టంలో ఖాళీ కనిపించింది, అందులోంచే లాగేశాను. ఆ గొట్టంలో ప్రెస్సు మోటారు తీగలే కాదు, పక్క షెడ్డులోని పెద్ద దూది యంత్రం మోటారు తీగలు కూడా ఉన్నాయి.

డబ్బా విప్పుతున్నప్పుడు లోపల కరెంటును అడ్డుకునే చిన్న రెసిస్టర్లు రెండు, అగ్గిపుల్ల ముక్కల్లాంటివి, కనిపించాయి. ఒంటిమీద గోధుమ, నలుపు, నారింజ పట్టీలు. అంటే పదివేల ఓములు. ఒకటి ఆకుపచ్చ బటన్ పిన్ను నుంచి సున్నా తీగకు, ఇంకొకటి ఎర్ర బటన్ పిన్ను నుంచి ఆరు వోల్టుల తీగకు అతికించి ఉన్నాయి. డబ్బా దింపుతుంటే ఆకుపచ్చ బటన్‌దానికి కాలు విరిగింది. చేతిలో పట్టుకుని చూశాను. బటన్ నొక్కితే పిన్నుకు ఆరు వోల్టులు పోతాయి, నొక్కకపోతే ఏమీ పోదు. మరి పిన్ను నుంచి సున్నాకు ఈ పుల్ల ఎందుకు? నొక్కినప్పుడు ఇంత కరెంటు వృథాగా కారిపోవడానికి తప్ప దీనివల్ల ప్రయోజనం ఏమిటి? దూరదేశాల్లో చదువుకున్నవాళ్లు అవసరం లేనివి తగిలిస్తారని నాకు అప్పటికే ఒక అభిప్రాయం. అలాంటిది మా స్టోరులో లేదు, హైదరాబాదు నుంచి తెప్పించాలి. అవసరం లేదనుకుని కిటికీలోంచి పారేశాను. రెండోది విరగలేదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు.

అన్నీ కలిపి, ఆకుపచ్చ నొక్కాను, పీట లేచింది. ఎర్రది నొక్కాను, దిగింది. ఇరవై సార్లు చేశాను. ఇరవై సార్లూ చెప్పినట్టు విన్నది. "పుల్ల లేకపోయినా నడుస్తోంది చూశావా" అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

పది రోజులకు ప్రెస్సు మీది ఆ నేత మనిషి మిల్లులోని మా వర్క్‌షాపు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"సారూ, పీట దానంతల అదే లేసింది. నేను బటన్ ముట్టలే."

"మోచెయ్యి తగిలి ఉంటుంది."

"లేదు సారూ. నేను గప్పుడు ఇవుతల పక్కకున్న. చిలపలు తెస్తాన్న."

"దయ్యం నొక్కిందా మరి?" అన్నాను. వర్క్‌షాపులో ఉన్నవాళ్లు నవ్వారు. అతను కూడా కొంచెం నవ్వి వెళ్లిపోయాడు.

వారం తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు. మధ్యాహ్నం పూట రెండుసార్లు లేచిందట. పని చేయాలంటే భయమైతుందన్నాడు. నేను వెళ్లి అరగంట నిలబడ్డాను, పీట కదల్లేదు. నా ముందు కదలకపోవడం అతని తప్పన్నట్టు కసిరాను. "పని ఎగ్గొట్టాలంటే సూటిగా చెప్పు, మిషను మీద పెట్టకు" అన్నాను. ఆ మాటకు అతని ముఖం ఎలా మారిందో నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. నేతపనిలో పుట్టినవాణ్ని పట్టుకుని పనిదొంగ అన్నాను.

మూడోసారి వచ్చినప్పుడు, అతని మాటల్లో బతిమాలుకోవడం ఉంది. "జర ఒక్కసారి మంచిగ సూడు సారూ. చెయ్యి లోపలుంటది నాది."

సరేనని ఆదివారం నాడు చూశాను. ఆదివారం మిల్లుకు సెలవు. మిషను విప్పి చూడడానికి అదే తీరిక కాబట్టి మరమ్మతులన్నీ ఆ రోజే చేసేవాళ్లం. షెడ్లన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి, ఒక్క మోటారూ తిరగడం లేదు. నా మీటరు తెచ్చి, ఆకుపచ్చ బటన్ పిన్నుకు దాని తీగ ఒకటి, సున్నా తీగకు ఇంకొకటి తగిలించి రెండు గంటలు కూర్చున్నాను. సూది సున్నా దగ్గర పడుకునే ఉంది. బటన్ నొక్కితే ఆరు, వదిలితే సున్నా. పీట ఒక్కసారి కూడా తనంతట తాను లేవలేదు. సోమవారం మధ్యాహ్నం కూడా అతని ఎదుటే మీటరు తగిలించి గంట సేపు చూపించాను. మిల్లు నడుస్తూనే ఉంది, పక్క షెడ్డులో పెద్ద మోటారు ఆగుతూ మొదలవుతూనే ఉంది. అప్పుడూ ఏమీ కాలేదు.

"చూశావా? మీటరు అబద్ధం చెబుతుందా?" అన్నాను.

అతను మీటరు అద్దం మీదికి వంగి చూశాడు. "చెప్పదు సారూ" అన్నాడు. మీటరు తీసుకుని నేను వెళ్లిపోయాను.

గురువారం మధ్యాహ్నం ఆ కేక వినిపించింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి పీట దిగి ఉంది. అతను నేల మీద కూర్చుని ఎడమ చేతిని కడుపుకు అదుముకుని ఉన్నాడు. పెట్టెలో పైవరస తెల్లటి చిలపలు ఎర్రబడి ఉన్నాయి. మూడో కడ్డీ మూస్తూ నూలును అదిమి పట్టినప్పుడు పీట లేచింది. నూలుకూ ఇనుముకూ మధ్య వేళ్లు ఇరుక్కున్నాయి. కుడి చేత్తో తడుముకుని తానే ఎర్ర బటన్ నొక్కాడు. అది పని చేసింది. కానీ అప్పటికే అయిపోయింది. లారీలో దవాఖానకు తీసుకుపోతుంటే, నొప్పితో ఏడుస్తూనే నా చొక్కా పట్టుకుని ఒకే మాట అన్నాడు.

"నేను ఒత్తలే సారూ. నేను ఒత్తలే."

మూడు వేళ్లు తీసేశారు. బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. త్రాసు గుమాస్తా తాను చూసింది చూసినట్టే చెప్పాడు. కేక విని తలతిప్పేసరికి అతని కుడి చెయ్యి బటన్ల మీద ఉందన్నాడు. అది ఎర్ర బటన్ మీద ఉన్న చెయ్యి. కానీ బటన్ల మీద చెయ్యి అన్న మాటే అందరి చెవుల్లో నిలిచింది. తర్వాత నన్ను అడిగారు.

"మిషనులో తప్పేమైనా ఉందా?"

"లేదు సార్. ఆదివారం మీటరు పెట్టి రెండు గంటలు చూశాను. సోమవారం మిల్లు నడుస్తుండగా కూడా చూశాను."

నేను అబద్ధం చెప్పలేదు. అది గుర్తు చేసుకుని ఊరట పొందాలని చాలాసార్లు చూశాను, పొందలేకపోయాను. అతను మూడుసార్లు వచ్చి చెప్పాడన్న మాట నా నోట రాలేదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. పనివాడి అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగిందని రాసి, పనిలోంచి తీసేశారు. చేతికి గుడ్డ చుట్టుకుని అతను గేటు దాటుతుంటే నేను వర్క్‌షాపు కిటికీ దగ్గర ఉన్నాను. బయటికి వెళ్లలేదు.

ప్రెస్సు దగ్గరికి పోవడానికి ఎవరూ ఇష్టపడక కొన్నాళ్లు అది ఊరికే పడి ఉంది. ఒకరోజు మధ్యాహ్నం కొత్త మనిషిని పెట్టే ముందు చూసి రమ్మంటే వెళ్లాను. డబ్బాకు కరెంటు ఇచ్చి, అవతలి గోడకు ఆనుకుని బీడీ ముట్టించుకుంటున్నాను. బటన్లకు నాకు నలభై అడుగుల దూరం. గదిలో ఇంకెవరూ లేరు. పక్క షెడ్డులో దూది యంత్రం మోటారు ఊపందుకున్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ప్రెస్సు మోటారు తిరిగి, ఖాళీ పెట్టెలో పీట మెల్లగా పైకి లేచింది.

నాలో ఉన్న కోపమంతా ఒక్కసారిగా కారిపోయి, దాని జాగాలో భయం నిండింది. వెళ్లి ఎర్ర బటన్ నొక్కి పీట దించి, మీటరు తెచ్చి పిన్నుకు తగిలించాను. పక్క షెడ్డుకు వెళ్లి, దూది యంత్రాన్ని పదిసార్లు ఆపి మొదలుపెట్టమన్నాను. పదిసార్లూ పీట కదల్లేదు. మీటరు తీసేశాను. మూడోసారికే లేచింది. మళ్లీ మీటరు తగిలించాను, లేవలేదు. తీశాను, లేచింది.

మీటరు పెట్టినప్పుడు మాత్రమే మిషను బుద్ధిగా ఉంది. ఎందుకు? ఆ మీటరును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నేల మీద కూర్చున్నాను. దాని అద్దం కింద మూలన చిన్న అక్షరాల్లో వోల్టుకు వెయ్యి ఓములు అని రాసి ఉంటుంది. నేను పెట్టింది పది వోల్టుల మీద. అంటే మీటరు కడుపులో పదివేల ఓములు. గోధుమ, నలుపు, నారింజ. నేను కిటికీలోంచి పారేసిన రెసిస్టరు కూడా పదివేల ఓములే. మీటరు తగిలించిన ప్రతిసారీ, తెలియకుండానే ఆ రెసిస్టరును మళ్లీ దాని జాగాలో పెట్టి, లోపం లేదని తేల్చి, మీటరుతో పాటు దాన్ని కూడా పట్టుకుపోయాను.

తర్వాత విప్పిచూస్తే అంతా అర్థమైంది. బటన్ నొక్కనప్పుడు ఆ పిన్నుకు ఆరు వోల్టులూ లేవు, సున్నా కూడా లేదు. నలభై అడుగుల తీగ చివర అది గాలిలో వేలాడుతోంది. రిలేను లాగాలంటే గట్టి కరెంటు కావాలి, కాబట్టి ఊరికే వేలాడే తీగ దాన్నేమీ చేయలేదు. ట్రాన్సిస్టరుకు చీమ అడుగంత కరెంటు చాలు. పక్కనే పోయే మోటారు తీగలు ఆ కాస్త కరెంటును ముట్టుకోకుండానే అందిస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నపు వేడికి ఆ ట్రాన్సిస్టర్లు తమంతట తామే కొంత కారుస్తాయి కూడా. ఒక్క క్షణం ఆ అల తగిలితే చాలు, ముద్ద దాన్ని బటన్ నొక్కినట్టే లెక్కేసి ఔనని పట్టుకుంటుంది. పిన్నును సున్నాకు కట్టి ఉంచే రెసిస్టరు ఉంటే, వచ్చిన ఆ కొంచెం కరెంటు సున్నాలోకి జారిపోయేది. నిజంగా బటన్ నొక్కినప్పుడు మాత్రం తిన్నగా వచ్చే ఆరు వోల్టుల ముందు పదివేల ఓముల బలం చాలదు, పిన్ను పైకి పోతుంది. వృథా అని నేననుకున్న ఆ రెసిస్టరుకు పనే అది. ఎర్ర బటన్‌కు ఉన్న రెండోది దీనికి తిరగేసి. ఎర్ర బటన్ మామూలుగా పిన్నును సున్నాకు కలిపి ఉంచుతుంది, నొక్కితే విడిపోతుంది. విడిపోగానే రెసిస్టరు పిన్నును ఆరు వోల్టులకు లాగుతుంది, మోటారు ఆగుతుంది. తీగ తెగినా ఆగుతుంది. అవి పెట్టినవాడు నా కంటే చాలా ముందుకు ఆలోచించాడు.

మర్నాడే బస్సెక్కి హైదరాబాదు పోయి రెసిస్టర్లు తెచ్చాను. బటన్ల తీగలకు వేరే గొట్టం వేశాను. రెసిస్టరు అతికించాక రెండు రోజుల పాటు దూది యంత్రాన్ని ఆపి మొదలుపెట్టించాను. పీట కదల్లేదు. ఆ తర్వాత మేనేజరు దగ్గరికి వెళ్లి, ఆ మనిషి బటన్ నొక్కలేదని, తప్పు నాదని చెప్పాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఇప్పుడు బాగైందా?" అని అడిగాడు.

"బాగైంది సార్."

"రిపోర్టు పైకి పోయింది. మళ్లీ తిరగదోడితే ముందు నీ ఉద్యోగం పోతుంది, తర్వాత నాది. బాగైంది కదా, ఇక వదిలెయ్."

నేను వదిలేశాను. ఇది రాయడానికి చాలా సిగ్గుగా ఉంది. ఇంట్లో పిల్లలు చిన్నవాళ్లు, ఇంకెక్కడ పని దొరుకుతుంది, ఇలాంటి మాటలు ఎన్నో చెప్పుకున్నాను. ఏడు నెలలు అలాగే గడిపాను. అన్నం ముందు కూర్చుంటే నా ఎడమ చెయ్యే నాకు కనిపించేది. చివరికి ఒక ఆదివారం కోస్గి బస్సెక్కాను. కనీసం అతనికైనా చెప్పాలనుకున్నాను. నువ్వు నొక్కలేదు, నువ్వు చెప్పిందే నిజం అని. అతనికి నేను ఇవ్వగలిగింది అదొక్కటే మిగిలిందనిపించింది.

ఇల్లు దొరకడం కష్టం కాలేదు. అతని భార్య వాకిట్లో పక్కింటివాళ్ల కోసం కండెలకు నూలు చుడుతోంది. లోపల మగ్గం మీద గోనెసంచులు పడి ఉన్నాయి. అతను నన్ను చూసి లేచి, నులకమంచం వాల్చాడు. ఎడమ చేతిని తుండు కింద దాచుకున్నాడు. ఆమె ఛాయ్ పెట్టి తెచ్చింది. మాటలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఒక్కసారే చెప్పేశాను.

"ఆ రోజు నువ్వు బటన్ ముట్టలేదు. మిషనే లేచింది. తప్పు నాది."

అతను తల వంచుకుని నేల వైపు చూశాడు. "లేదు సారూ. నేనే ఒత్తిన."

నాకు అర్థం కాలేదు. "ఏమంటున్నావు? నువ్వే కదా మూడుసార్లు చెప్పావు?"

"గప్పుడు గట్లనే అనిపించింది సారూ. తర్వాత శానా సోచాయించిన. అందరు చెప్పబట్టిరి. గుమాస్తా సారు సూసిండు. అబద్ధమెందుకు జెప్తడు? పండుకుంటె యాదికొస్తాంది, కుడి మోచెయ్యి గా బటన్ మీద పడ్డట్టు. ఇంతకు ముందుగూడ గట్లనే తాకింది గావచ్చు. నాకే సోయి లేకుండె."

అతని భార్య కండె చేతిలో పట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. "రోజు గదే అంటడు సారూ. నా చెయ్యి నేనే ఖరాబు జేస్కున్న అని" అంది.

నేను గబగబా వివరించాను. వాళ్ల గుడిసె తలుపుకు గడియ లేదు, గాలికి తెరుచుకోకుండా అడ్డంగా ఒక రాయి పెట్టి ఉంది. అది చూపించాను. "ఈ రాయి ఉంటే గాలికి తలుపు తెరుచుకోదు. మనిషి తోస్తే రాయి జరిగి తెరుచుకుంటుంది. మిషనులో అలాంటి రాయి ఒకటి ఉండె. అవసరం లేదనుకుని నేను తీసి పారేశాను. గాలికి తలుపు తెరుచుకుంటే, ఎవరో తోశారనుకుని మిషను లేచింది" అన్నాను.

"రాయి లేకుంటె గాలికి తెరుసుకుంటది. గంతే గద" అన్నాడు.

"అంతే."

"మరి నువ్వు నా ముంగటనే గంట సేపు సూపిస్తివి గద సారూ. పెద్ద మోటారు గూడ నడుస్తుండె. మరి గప్పుడెందుకు తెరుసుకోలే?"

"నా మీటరే రాయిలా అడ్డం పడింది. అది తగిలించినంత సేపూ తలుపు మూసే ఉంటుంది. నేను తీసుకుపోగానే మళ్లీ..."

అతను నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు, అనుమానం కూడా లేదు. జాలి ఉంది. నేను అబద్ధమాడుతున్నానని, అది తన కోసమేనని అతనికి ఖాయంగా తెలిసినట్టుంది.

"నువ్వు మంచోనివి సారూ. నా మనసు తేలిక జేయనీకి గింత దూరం అచ్చినవ్."

"ఒట్టు. నా పిల్లల మీద ఒట్టేసి చెప్తున్నా. నువ్వు నొక్కలేదు."

"పిల్లల మీద ఒట్లు ఎందుకు సారూ" అన్నాడు మెల్లగా. "మీటరు అబద్ధం చెప్పదు. నేను సూసిన గద. నువ్వేం ఫికర్ వెట్టుకోకు."

ఆమె కండె కింద పెట్టి, నా వైపు చూసి అడిగింది. "నిజంగనే ఒత్తలేదా సారూ ఈయన?"

"నిజంగా నొక్కలేదమ్మా" అన్నాను.

ఆమె భర్త వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపి, మంచం పక్కన ఉన్న గ్లాసును మిగిలిన రెండు వేళ్లతో పట్టుకుని నా దగ్గరికి జరిపాడు.

"ఛాయ్ సల్లారుతాంది, తాగు సారూ" అన్నాడు.